యాసంగి ఉల్లి: నారు వయసు నుంచి చాళ్ దాకా

నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో ఇంట్లో తెలుగు, మార్కెట్ యార్డులో మరాఠీ మాట్లాడే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉల్లి విషయంలో మా మాటలు కూడా అలాగే కలిసిపోయాయి. నారు, మడి, గడ్డ అనేవి తెలుగులోనే ఉంటాయి. వేళ కాని వేళ లేచే పూతకాడను డేంగళా అని, ఒకే పొరలో రెండుగా చీలిన గడ్డను జోడు అని, నిల్వ చేసే కొట్టాన్ని చాళ్ అని అంటాము. ఇక్కడ నేను రాస్తున్నది యాసంగి ఉల్లి గురించి, అంటే మరాఠీలో ఉన్హాళీ కాందా అని పిలిచే పంట గురించి. వానాకాలపు గడ్డ గానీ, దాని వెనుక వచ్చే రాంగడా గడ్డ గానీ ఎక్కువ కాలం ఆగవు. నాలుగైదు నెలలు నిల్వ ఉంచి, ధర చూసుకుని అమ్ముకోగలిగినది యాసంగి గడ్డ ఒక్కటే.

చాళ్‌లో గడ్డలు కుళ్లితే మనం ముందుగా చాళ్‌నే తప్పు పడతాము. చాలా ఏళ్లు ఏరి పారేసిన గడ్డలను కోసి చూసిన తరువాత, వాటిలో పెద్ద భాగం చాళ్‌లోకి రాకముందే చెడే దారి పట్టినవని నాకు స్పష్టమైంది. మధ్యలో గట్టి కాడ ఉన్నవి, మెడ మూసుకోనివి, పచ్చి మెడతో కోసినవి ఏ చాళ్‌లో పోసినా నిలవవు. అందుకే ఈ మార్గదర్శి నారుమడి దగ్గర మొదలవుతుంది.

గడ్డ ఎలా ఊరుతుంది

గడ్డను నిలువుగా కోసి చూస్తే అడుగున వేర్లు పుట్టే ఒక చిన్న బిళ్ల కనిపిస్తుంది. ఉల్లి మొక్కకు అసలు కాండం ఆ బిళ్లే. పైకి కాండంలా కనిపించే మెడ, ఆకుల అడుగు భాగాలు ఒకదానిలో ఒకటి దూరి ఏర్పడిన గొట్టం మాత్రమే. బిళ్ల నడుమ, ఎవరికీ కనపడకుండా, పెరిగే మొన ఉంటుంది. కొత్త ఆకు అక్కడే పుడుతుంది.

గడ్డలోని ఒక్కొక్క పొర ఒక్కొక్క ఆకు అడుగు భాగం. కాబట్టి గడ్డ ఊరడం మొదలయ్యే నాటికి మొక్కకు ఎన్ని ఆకులు ఉన్నాయో, అవి ఎంత వెడల్పుగా ఉన్నాయో దాని మీదే గడ్డ పరిమాణం చాలావరకు ఆధారపడుతుంది. ఊరడం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేవి పగటి పొడవు, వేడి. మనం వేసే రకాలు పొట్టి పగటి రకాలు. పగలు సుమారు 11 నుంచి 12 గంటలు ఉంటే వాటికి చాలు. మన ప్రాంతంలో డిసెంబర్ చివర పగలు 11 గంటలకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, ఫిబ్రవరి నడుమకు పదకొండున్నరకు చేరుతుంది, మార్చి 20 ప్రాంతంలో 12 అవుతుంది. పగలు పెరిగే కొద్దీ, దానితో పాటు ఎండ ముదిరే కొద్దీ, ఆకులు తయారు చేసిన ఆహారం మెడ కిందికి దిగి పొరలు లావెక్కుతాయి.

ఆ దశలో లోపల ఒక ముఖ్యమైన మార్పు జరుగుతుంది. మొన కొత్త పొరలను పుట్టిస్తూనే ఉంటుంది కానీ వాటికి పచ్చని రెక్క రాదు. రెక్క లేని పొరలుగానే అవి గడ్డ లోపల మిగిలిపోతాయి. మెడ గుండా పైకి వచ్చే కొత్త ఆకు లేకపోవడంతో మెడ లోపల బోలుగా మారి, బలం తగ్గి, ఆకుల బరువుకు ఒకనాడు పక్కకు వాలుతుంది. మాన్ పడటం అని మనం అనేది దీనినే. మెడ దానంతట అది వాలిందంటే లోపల దారి మూసుకుంటోందని అర్థం. డ్రమ్ము దొర్లించో, కాలితో తొక్కో మెడలు పడగొడితే ఈ పని జరగదు. మెడ విరిగి గాయం అవుతుంది, అంతే.

చలి తగిలిన నారు పూతకు ఎందుకు వస్తుంది

ఉల్లి స్వభావం చేత రెండేళ్ల మొక్క. మొదటి ఏడు గడ్డలో ఆహారం దాచుకుంటుంది, చలికాలం దాటిన తరువాత ఆ ఆహారంతో పూస్తుంది. చలి దాటిందన్న సంగతి దానికి తెలిసేది మొన ద్వారానే. సుమారు 8 నుంచి 13 డిగ్రీల చల్లదనం కొన్ని వారాల పాటు తగిలితే మొన ఆకులు పుట్టించడం మాని పూమొగ్గను పుట్టిస్తుంది. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రులు సరిగ్గా ఆ చలిలోకి దిగుతాయి. కొన్ని ఏళ్లలో 10 డిగ్రీల కిందికి కూడా పోతాయి.

అయితే ప్రతి నారూ ఈ చలిని గుర్తుపట్టదు, రైతు పట్టుకోవలసిన కీలకం ఇదే. మూడు నాలుగు ఆకుల లేత నారుకు ఎంత చలి తగిలినా అది పూతకు రాదు. పెరుగుదల మందగిస్తుంది, ఆకు కొనలు పసుపు పడతాయి, వేడి రాగానే తేరుకుంటుంది. మొక్క ఒక పరిమాణం దాటిన తరువాతే మొన చలికి స్పందిస్తుంది. పైకి ఐదారు ఆకులు కనిపిస్తూ, మెడ పెన్సిల్ అంత లావు అయిందంటే ఆ పరిమాణం వచ్చినట్టే. కనుక చలిలో నిలబడిన నారు అంతా డేంగళే అవుతుందనడం సరి కాదు. చలి వచ్చే నాటికి ముదిరిపోయిన నారే అలా అవుతుంది.

నత్రజని కొరత ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. పూతకాడ వస్తుందన్న భయంతో యూరియా మానేసిన మడిలో కాడలు తగ్గకపోగా ఎక్కువవుతాయి. రకాల మధ్య కూడా తేడా ఉంది. రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ యాసంగికి ఇచ్చిన భీమా కిరణ్, భీమా శక్తి, నిఫాడ్‌లో రూపొందిన ఎన్-2-4-1 రకాలు నిల్వకు మంచివి. ఖరీఫ్ కోసం ఉద్దేశించిన రకాన్ని యాసంగిలో వేస్తే కాడలూ జోడులూ ఎక్కువగా వస్తాయి, నిల్వా ఉండదు.

రైతును ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఆలస్యం. పూమొగ్గ పుట్టేది డిసెంబర్, జనవరి నెలల్లో. కాడ బయటికి కనిపించేది ఫిబ్రవరిలో, ఎండ కాస్త ఎక్కిన తరువాత. అందువల్ల ఫిబ్రవరిలో పెట్టిన నీటినో, కొట్టిన మందునో తప్పు పడతాము. పైగా జనవరిలోనే వేడి ముందుగా వచ్చి 28 డిగ్రీలు దాటే రోజులు వరుసగా పడితే, లోపల పుట్టిన మొగ్గ పెరగకుండానే ఎండిపోయి మొక్క గడ్డ వైపు మళ్లవచ్చు. ఒకే వయసు నారు ఒక ఏడు కాడలెత్తి, మరొక ఏడు ఎత్తకపోవడానికి కారణం ఇది. నిరుడు ముదురు నారుతో బాగానే పండిందని ఈ ఏడు కూడా అదే చేయడం మంచిది కాదు.

మా పొలంలో ఒకసారి బావి మోటారు కాలిపోయి నాట్లు ఆలస్యమయ్యాయి. సొంత నారు అర ఎకరానికే సరిపోవడంతో మిగిలిన అర ఎకరానికి బయట నుంచి నారు కొన్నాను. అమ్మినవారు దానికి 50 రోజులని చెప్పారు. చేతికి బలంగా, నిండుగా కనిపించడంతో నేను సంతోషించాను కూడా. నిజానికి అది రెండున్నర నెలలు దాటిన నారని మెడ లావు చూసి నేను అప్పుడే గ్రహించవలసింది. ఒకే రోజు, ఒకే నేలలో, ఒకే నీటితో పెరిగిన ఆ రెండు ముక్కల్లో కొన్న నారు పెట్టిన వైపు ఫిబ్రవరి చివరికి తెల్లని పూలబంతులతో నిండిపోయింది; గట్టుకు ఇవతల సొంత నారు వైపు వెతికితే గానీ కాడ దొరకలేదు.

ఒక ఎకరం లెక్క

తేదీలు పెట్టి చూస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. అక్టోబర్ 25న విత్తనం చల్లి, డిసెంబర్ 15న నాటామనుకుందాము. నారు వయసు 51 రోజులు, ఆకులు మూడు నాలుగు, మెడ పెన్సిల్ కన్నా సన్నం. గట్టి చలి ఉన్న ఐదారు వారాలు ఆ మొక్క వేరు పట్టి, నెమ్మదిగా ఆకు వేసుకోవడంలోనే గడుపుతుంది. అది పెన్సిల్ లావు దాటేసరికి చలి సడలిపోతుంది. ఫిబ్రవరి నడుమ నుంచి గడ్డ ఊరి, నాటిన 110 నుంచి 120 రోజులకు, అంటే ఏప్రిల్ మొదటి, రెండవ వారాల్లో మెడలు వాలుతాయి.

అదే విత్తనం సెప్టెంబర్ 15న చల్లి నవంబర్ మొదటి వారంలో నాటితే, డిసెంబర్ చివరికి మొక్కకు ఏడెనిమిది ఆకులు ఉంటాయి, ముందు చలి అంతా మిగిలే ఉంటుంది. అక్టోబర్ మొదట్లో చల్లిన నారును నీళ్లు లేక డిసెంబర్ 20 దాకా మడిలోనే ఉంచినా ఫలితం అదే. ఇక భయపడి నవంబర్ చివర చల్లి జనవరి చివర నాటితే కాడలు రావు. కానీ ఆకులు సరిపడా రాకముందే పగలూ ఎండా పెరిగి గడ్డ మొదలవుతుంది, మార్కెట్లో గోల్టీ అని వేరు చేసే చిన్న గడ్డలు మిగులుతాయి.

ఎకరానికి రెండు గుంటల నారుమడి, 2.5 నుంచి 3 కిలోల విత్తనం చాలు. మడిని మీటరు వెడల్పుతో, నేల కన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎత్తుగా చేసి, విత్తనాన్ని వరుసల్లో సెంటీమీటరు లోతున వేయాలి. నీటి సంగతి తేలని ఏడు అంతా ఒకేసారి చల్లవద్దు. సగం అక్టోబర్ 20కి, మిగతా సగం నవంబర్ 5కు చల్లితే ఏదో ఒక మడి సరైన వయసులో చేతికి వస్తుంది.

నాటే రోజు నారు పీకి కట్టలు కట్టేటప్పుడే ఏరివేత చేయాలి. నేను ఒక పెన్సిల్‌ను నాటే ఆడవాళ్ల దగ్గర ఉంచుతాను. మెడ దానికన్నా లావుగా ఉన్న మొక్క పక్కన పడాలి. ఆ మొక్కలను పారేయనక్కరలేదు. గట్టు వెంట విడిగా నాటి ఉల్లికాడలుగా పచ్చిగానే అమ్ముకోవచ్చు. మిగిలిన నారు ఆకులను పై నుంచి మూడవ వంతు కోసి, వరుసకు వరుసకు 15 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. లోతుగా నాటితే గడ్డ సాగి పొడుగవుతుంది.

ఎరువుల్లో గుర్తుంచుకోవలసింది నత్రజని వేళ. ఎకరానికి సుమారు 45 కిలోల నత్రజని, అంటే అంతా యూరియాగానే ఇస్తే 45 కిలోల బస్తాలు రెండు కన్నా కొంచెం ఎక్కువ, మూడు భాగాలు చేసి నాటేటప్పుడు, 30 రోజులకు, 45 రోజులకు వేయాలి. 60 రోజుల తరువాత వేసిన యూరియా మొక్క చేత ఆకు రెక్కలే వేయిస్తూ ఉంటుంది; మెడ లోపల బోలు కాదు, వాలదు, మూసుకోదు. లావు మెడ గడ్డలు ఎక్కువగా ఇలాగే వస్తాయి.

కాడ లేచిన తరువాత

పూతకాడను ఆకు నుంచి తొందరగా గుర్తుపట్టవచ్చు. ఉల్లి ఆకు ఒక వైపు కొద్దిగా చదునుగా ఉండి చేతికి మెత్తగా తగులుతుంది. కాడ చుట్టూ గుండ్రంగా, గట్టిగా, నడుమకు కింద కాస్త ఉబ్బుగా ఉంటుంది. లేతగా ఉండగా విరిస్తే పువ్వుకు పోయే ఆహారం కొంత గడ్డకు మిగులుతుంది, కానీ కాడ అడుగు భాగం గడ్డ నడుమ నార కట్టిన గొట్టంలా ఉండిపోతుంది. దాని చుట్టూ మెడ ఎన్నటికీ మూసుకోదు, విరిచిన చోటు నుంచి నీరు సరాసరి గడ్డ లోపలికి దిగుతుంది. అందువల్ల కాడ విరిచిన మొక్కలను కూడా కాడ మొక్కలుగానే లెక్కపెట్టుకుని, తవ్వేటప్పుడు ముందు వాటినే పీకి, ఆ వారంలోనే అమ్మేయాలి.

తవ్వడం, ఆరబెట్టడం

పొలంలో సుమారు సగం మొక్కల మెడలు వాలినప్పుడు తవ్వాలి. అన్నీ వాలే దాకా ఆగితే ముందు వాలిన వాటి పై పొరలు నేలలోనే ఊడి, గడ్డ బట్ట లేకుండా నిలబడుతుంది. తొందరపడి తవ్వితే మెడలు పచ్చిగా ఉంటాయి. తవ్వడానికి 10 నుంచి 15 రోజుల ముందే నీరు ఆపాలి. నల్లరేగడి తడి పట్టి ఉంచుతుంది కాబట్టి నేను 15 రోజులే పాటిస్తాను. బరువు తూగుతుందని చివరి తడి పెట్టేవారు ఉన్నారు. ఆ బరువు జూన్ నాటికి కుళ్లుగా బయటపడుతుంది.

పీకిన గడ్డలను ఆకులతోనే మూడు రోజులు పొలంలో ఉంచాలి. కుప్ప పోయకుండా వరుసగా పరచి, రెండవ వరుస ఆకులు మొదటి వరుస గడ్డల మీద పడేలా, ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు పేర్చాలి. మన ఏప్రిల్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గడ్డ నేరుగా ఆ ఎండలో పడి ఉంటే ఎండ తగిలిన వైపు పొర ఉడికినట్టు మెత్తబడి తెల్లగా పాలిపోతుంది. ఆ మచ్చ మొదట చిన్న లోపంలాగే కనిపిస్తుంది, చాళ్‌లో మాత్రం కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

మూడు రోజుల తరువాత ఆకును ఒకసారి మెలి తిప్పి, గడ్డ పైన ఒక అంగుళం నుంచి అంగుళంన్నర మెడ మిగిలేలా కోయాలి. మెడ అస్సలు లేకుండా గడ్డను ఒరుసుకుని కోస్తే గాయం తెరుచుకునే ఉంటుంది. కోసిన వెంటనే కాడ ఉన్నవి, జోడులు, లావు మెడవి, దెబ్బ తగిలినవి, గోల్టీ గడ్డలు పక్కకు తీసేయాలి. మిగిలిన వాటిని చెట్టు నీడలోనో, గాలి ఆడే కొట్టం కిందనో పలుచగా పరచి 10 నుంచి 12 రోజులు ఆరనివ్వాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ నీడ ఆరుదలనే. కూలీ ఖర్చు, వాన భయం రెండూ నిజమే అయినా, నాకు ఏదైనా ఒక పని మాత్రమే చేయగల స్తోమత ఉంటే చాళ్ బాగుచేయడం కన్నా ముందు ఈ 12 రోజులనే ఎంచుకుంటాను.

ఆరిందని తెలుసుకోవడానికి మెడను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి నలపాలి. లోపల ఏదో జారుతున్నట్టు తగిలితే ఇంకా తడి ఉంది. కాగితం చుట్టలా పొడిగా నలిగి, గడ్డలను చేతిలో కదిపినప్పుడు పై పొరలు గలగలమంటే ఆరినట్టు. నాలుగైదు చోట్ల నుంచి పది పది గడ్డలు తీసి చూడాలి. పైనున్నవి ఎప్పుడూ ముందే ఆరుతాయి.

ఏప్రిల్‌లో అకాల వాన తప్పదు. పరచిన గడ్డలు తడిస్తే ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పవద్దు, లోపల చెమట పట్టి నల్లబూజు లేస్తుంది. వాన ఆగగానే పట్టా తీసి, గడ్డలను నీడకు చేర్చి, ఇంకా పలుచగా పరచి, ఆరుదల రోజులను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి.

చాళ్‌లో పోయడం

ఉల్లి రెండు ఉష్ణోగ్రతల దగ్గర నిద్రలో ఉంటుంది: ఒకటి సున్నా నుంచి 2 డిగ్రీల చలిలో, రెండవది 25 నుంచి 30 డిగ్రీల వేడిలో. ఈ రెంటికీ నడుమ, ముఖ్యంగా 10 నుంచి 20 డిగ్రీల దగ్గర, అది మొలకెత్తుతుంది. మన చాళ్ పనిచేసేది ఆ రెండవ పద్ధతిలో. వేడిని చూసి భయపడనక్కరలేదు. వేడిలో బరువు కొంత తగ్గుతుంది గానీ మొలక రాదు. చేటు చేసేది గాలి ఆడని తేమ. గాలిలో తేమ 65 నుంచి 70 శాతం దాటి నిలిచిపోతే వేర్లు లేస్తాయి, బూజు పడుతుంది.

ఎకరానికి 100 క్వింటాళ్లు పండి, ఏరివేత పోను, కొంత వెంటనే అమ్ముకుని 60 క్వింటాళ్లు నిల్వ పెట్టదలిచామనుకుందాము. ఘనపు అడుగుకు సుమారు 15 నుంచి 16 కిలోల గడ్డ పడుతుంది. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 24 అడుగుల పొడవు ఉన్న ఒంటి వరుస చాళ్‌లో 60 క్వింటాళ్లు సరిగ్గా పడతాయి. పొడవు పెంచవచ్చు గానీ వెడల్పు, ఎత్తు పెంచవద్దు. 5 అడుగులు దాటిన కుప్పలో అడుగు గడ్డలు నలుగుతాయి, నడుమకు గాలి చేరదు. అడుగు నేల నుంచి రెండడుగులు ఎత్తున, వెదురు బద్దల సందుల గుండా కింది నుంచి గాలి వచ్చేలా ఉండాలి. పక్క గోడలు కూడా వెదురు తడికలే. కప్పుకు పెంకులు మేలు. రేకు వేస్తే దాని మీద గడ్డి పరచాలి, లేకపోతే పై వరుస గడ్డలు ఉడుకుతాయి. వాన జల్లు పడకుండా చూరు బాగా ముందుకు రావాలి.

గడ్డలను బుట్టతో పైనుంచి గుమ్మరించకుండా, చేతి ఎత్తు నుంచి మెల్లగా దించాలి. లోపలి దెబ్బ పైకి కనపడదు. 4.5 నుంచి 6 సెంటీమీటర్ల నడిమి గడ్డ అన్నిటికన్నా బాగా నిలుస్తుంది. మరీ పెద్దవి ముందుగా అమ్ముకోవాలి.

జూన్‌లో వానలు మొదలయ్యాక జల్లు కొట్టే వైపు గోనెపట్టాలు దించి, వాన వెలియగానే ఎత్తేయాలి. వారానికి ఒకసారి తెల్లవారుజామున చాళ్ చుట్టూ తిరిగితే వాసనే చాలా చెబుతుంది. పై పొర కింద నల్లని పొడి కనిపిస్తే ఆరుదల చాలలేదు లేదా గాలి ఆడటం లేదు. ఆ పొర ఊడదీసి వెంటనే అమ్మవచ్చు. అడుగున కొత్త వేర్లు తెల్లగా లేస్తే తేమ కింది నుంచి వస్తోంది, చాళ్ కింద నీరు నిలిచిందేమో చూడాలి. వేర్ల దగ్గర మొదలై పైకి పాకే కుళ్లు పొలం నుంచే వచ్చిన శిలీంధ్రపు తెగులు; ఆ మడిలో కొన్నేళ్లు ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు.

కుప్పను మాటిమాటికీ తిరగేయడం నష్టమే, ప్రతిసారి పొరలు ఊడతాయి. కుళ్లు వాసన వచ్చిన చోట మాత్రమే తడిక విప్పి, చెడినవాటిని తీసి, ఆ భాగాన్ని ముందు అమ్మాలి. అక్టోబర్ దాటి రాత్రులు చల్లబడటం మొదలైతే గడ్డ నిద్ర తీరుతుంది, నడుమ పచ్చని మొలక కదులుతుంది. సెప్టెంబర్ రెండవ వారం నుంచి ప్రతి వారం పది గడ్డలను నిలువుగా కోసి చూడండి. రెండు గడ్డల్లో మొలక సగం ఎత్తు దాటి కనిపించిన రోజే మార్కెట్‌కు బండి మాట్లాడుకోవాలి.